శరీర ఘనపరిమాణం: గాలి గదిలో కొలవాలా, నీటిలో తూచాలా?

శరీరంలో కొవ్వు శాతం తెలుసుకోవడానికి ఘనపరిమాణం కొలుస్తారు. నీటి పద్ధతిలో ఊపిరి పూర్తిగా వదిలి, తల సహా మునిగి కదలకుండా ఉండాలి. గాలి గదిలో మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చుంటే చాలు. అక్కడ రెండు అరల మధ్య పొర స్వల్పంగా ఊగుతుంది, రెండువైపులా కలిగే పీడన మార్పులను పోల్చి, మనిషి ఎంత గాలిని తొలగించాడో యంత్రం లెక్కిస్తుంది.

శ్రమ గదిలో తక్కువే, కానీ పొరపాటు అక్కడ కంటికి కనిపించదు. జుట్టులో, వదులు బట్టల్లో చిక్కిన గాలి ఉష్ణోగ్రత మారకుండా ఉండి, మిగతా గాలికంటే సులభంగా నొక్కుకుపోతుంది కనుక శరీరం అసలుకంటే చిన్నదిగా నమోదవుతుంది. 70 కిలోల మనిషి ఘనపరిమాణం 66.5 లీటర్లైతే, శరీర సాంద్రత నుంచి కొవ్వును లెక్కించే సిరి సూత్రం ప్రకారం కొవ్వు సుమారు 20 శాతం. అర లీటరు తగ్గి 66.0గా నమోదైతే అది 17 శాతానికి దిగుతుంది. బిగుతైన ఈత దుస్తులు, టోపీ తప్పనిసరి అనేది ఇందుకే. చెమట, వ్యాయామం తర్వాతి వేడి, యంత్రం ఉంచిన గది తలుపు తెరవడం కూడా కొలతను చెదరగొడతాయి. వరుసగా రెండు కొలతలు కలవకపోతే అనుమానించాలి. అయితే వదులు బట్టల పొరపాటు రెండుసార్లూ ఒకేలా వస్తుంది.

ఊపిరితిత్తుల గాలిని రెండు పద్ధతుల్లోనూ సరిదిద్దాలి. వయసు, ఎత్తులను బట్టి అంచనా వేయడం కంటే కొలవడమే నా దృష్టిలో మేలు.

పిల్లలకు, వృద్ధులకు, నీటి భయం ఉన్నవారికి గాలి గది నప్పుతుంది. ఇరుకు గది భయం ఉన్నవారికి, ఊపిరి బిగబట్టగలిగితే, నీటి పద్ధతి అనుకూలం.