సంవత్సరాల వరుసా, సిద్ధాంతాల వరుసా, వాదన వరుసా: మీడియా ప్రభావాల రివ్యూకి ఏది మేలు?

ఒక పరిశోధన ప్రశ్నను ముందు పెట్టుకుంటే ఈ పోలిక తేలిగ్గా అర్థమవుతుంది. చెన్నైలో పెరంబూరు, అంబత్తూరు లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు ఇళ్లలో సాయంత్రమైతే తెలుగు న్యూస్ ఛానల్ పెడతారు. ఆ బులెటిన్లలో వచ్చే హత్యలు, దోపిడీలు చాలావరకు హైదరాబాద్‌వో, విజయవాడవో. చూసేవాళ్లు ఉండేది చెన్నైలో. మరి ఆ నేర వార్తలు వాళ్లకు భయం పుట్టిస్తాయా? చెన్నైలోనో బెంగళూరులోనో జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు విద్యార్థి ఈ ప్రశ్న ఎంచుకున్నాడనుకుందాం. చేతిలో నలభై పరిశోధన పేపర్లున్నాయి, వాటిని సమీక్షించే రెండో అధ్యాయానికి, అంటే రివ్యూకి, ఆరు వేల పదాలు రాయాలి. వాటిని ఏ వరుసలో పేర్చాలి?

ఎక్కువమంది పట్టేది సంవత్సరాల వరుస. పాతదానితో మొదలుపెట్టి కొత్తదాకా వస్తారు. రాయడానికి ఇది సులువు, ఏదీ వదిలేశామన్న భయం ఉండదు. కానీ పేరాలు ఇలా తయారవుతాయి:

"గెర్బ్‌నర్, గ్రాస్ (1976) టీవీ ఎక్కువగా చూసేవారు లోకాన్ని ప్రమాదకరంగా భావిస్తారని కనుగొన్నారు. డూబ్, మెక్‌డొనాల్డ్ (1979) టొరంటోలో అధ్యయనం చేశారు. హిర్ష్ (1980) గెర్బ్‌నర్‌ను విమర్శించారు. హీత్ (1984) వార్తాపత్రికలను పరిశీలించారు."

నాలుగు వాక్యాలూ నిజమే. కానీ రెండోదాన్నీ నాలుగోదాన్నీ తారుమారు చేసినా పేరాకు ఏమీ కాదు. వాక్యాల చోటు మారినా అర్థం మారకపోతే అక్కడ వాదన లేనట్టే. వీటిని కలిపి ఉంచుతున్నది క్యాలెండర్ ఒక్కటే.

సిద్ధాంతాల వరుస దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. టీవీ ఎక్కువ చూసేకొద్దీ లోకం టీవీలో కనిపించినట్టే ఉందనుకుంటారనే కల్టివేషన్‌కి ఒక విభాగం, ఏ విషయాలు ముఖ్యమో మీడియా సూచిస్తుందనే అజెండా సెట్టింగ్‌కి ఒకటి, జనం తమ అవసరాలకు తగ్గట్టు మీడియాను ఎంచుకుంటారనే యూజెస్ అండ్ గ్రాటిఫికేషన్స్‌కి ఇంకొకటి. కోర్సు పరీక్షకు చదువుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది. రివ్యూలో మాత్రం ప్రతి సిద్ధాంతమూ తన గదిలో తలుపేసుకుని కూర్చుంటుంది. మన ప్రశ్నకు కావలసినవేమో ఆ గదుల మధ్య జరగాల్సిన మాటలు. పైగా అసలైన తగాదాలు చాలావరకు ఒకే సిద్ధాంతం లోపల, కొలత దగ్గర జరిగాయి. సిద్ధాంతం పేరుతో శీర్షిక పెట్టగానే ఆ తగాదా "విమర్శలు" అనే ఒక చిన్న పేరాలోకి కుంచించుకుపోతుంది.

మూడోది వాదన వరుస. ముందు ఒక గట్టి మాట చెప్పి, దాన్ని నిలబెట్టే మెట్లనే విభాగాలుగా పెట్టుకోవడం. మన ప్రశ్నకు ఆ మాట ఇలా ఉండొచ్చు: "నేర వార్తల భయాన్ని టీవీ ముందు గడిపిన గంటలతో కొలవడం సరికాదు. వార్తలోని ఊరిని చూసేవాడు తనదిగా భావిస్తాడా లేదా అన్నదే లెక్కలోకి రావాలి." దీనితో ఎవరైనా విభేదించవచ్చు. ఆ అవకాశం లేని మాటతో, ఉదాహరణకు "మీడియా ప్రభావం సంక్లిష్టమైనది" లాంటిదానితో, ఆరు వేల పదాలు నడపలేం.

ఇక మెట్లు చూద్దాం. మొదటిది: మొత్తం గంటల లెక్క ఇచ్చే సంబంధం చాలా సన్నది. 1976లో గెర్బ్‌నర్, గ్రాస్ రోజుకు నాలుగు గంటలు, ఆపైన చూసేవారిని రెండు గంటలు, అంతకంటే తక్కువ చూసేవారితో పోల్చారు. ఎక్కువ చూసేవారే లోకం గురించి టీవీ చూపించే జవాబుకు దగ్గరగా జవాబిచ్చారు. 1980లో హిర్ష్ అమెరికా జాతీయ సర్వే డేటాను తిరిగి లెక్కగట్టి, వయసు, చదువు లాంటి అంశాలను ఒకేసారి అదుపు చేస్తే, అంటే వాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే, ఆ సంబంధం దాదాపు కనిపించకుండా పోతుందన్నాడు. అసలు టీవీ చూడనివారు, కొద్దిగా చూసేవారికంటే ఎక్కువ భయపడుతున్నట్టు కూడా చూపించాడు. అదే ఏడాది గెర్బ్‌నర్ బృందం, టీవీ అందరినీ ఒకేలా కదిలించదు, వేర్వేరు వర్గాలవారిని వేర్వేరుగా కదిలిస్తుంది అని తన కల్టివేషన్ సిద్ధాంతాన్ని సవరించుకుంది. 1997లో మోర్గన్, షానహన్ అప్పటిదాకా వచ్చిన కల్టివేషన్ ఫలితాలను కలిపి చూస్తే సగటు సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె, 0.09 వచ్చింది. దాన్ని వర్గం చేస్తే 0.0081, అంటే మనుషుల మధ్య తేడాల్లో ఒక శాతం కూడా కాదు. ఈ మెట్టు లోపల సంవత్సరాల వరుసే సరైనది. ఎందుకంటే ఇక్కడ ఒకరి మాటకు ఇంకొకరు జవాబిచ్చారు, జవాబు ఎప్పుడూ ప్రశ్న తర్వాతే రావాలి.

రెండో మెట్టు: ఉండే చోటు లెక్క మారుస్తుంది. డూబ్, మెక్‌డొనాల్డ్ టొరంటోలో నేరాలు ఎక్కువున్న ప్రాంతాలనూ తక్కువున్న ప్రాంతాలనూ విడదీసి చూశారు. ప్రాంతాన్ని అదుపు చేశాక మొత్తం మీద టీవీకీ భయానికీ సంబంధం పోయింది. నేరాలు ఎక్కువున్న నగర ప్రాంతంలో మాత్రం నిలిచింది. ఇంట్లో చూసింది, వీధిలో కనిపించేది ఒకటైతే ఒకదానికొకటి బలమిస్తాయి.

మూడోదాన్ని త్వరగా దాటొచ్చు. భయం ఒక్కటి కాదు. "సమాజంలో నేరాలు పెరిగాయి" అనుకోవడం వేరు, "రాత్రి నేను బయటికి వెళ్లలేను" అనుకోవడం వేరు. మీడియా మొదటిదాన్ని కదిలించినంతగా రెండోదాన్ని కదిలించదని టైలర్, కుక్ 1984లో చూపించారు. కాబట్టి నలభై పేపర్లలో ఎవరు దేన్ని కొలిచారో విడదీయకుండా "భయం పెరిగింది" అని కలిపి రాస్తే రెండు వేర్వేరు వస్తువుల్ని కూడినట్టే.

నాలుగో మెట్టు అసలైనది. లిండా హీత్ 1984 అధ్యయనంలో, సొంత ఊళ్లో జరిగిన కారణం లేని, సంచలనాత్మక నేరాల వార్తలు ఎక్కువగా ఉన్న పత్రికలు చదివేవారిలో భయం ఎక్కువ. అలాంటి నేరాలే వేరే ఊళ్లో జరిగినట్టు చదివినవారిలో భయం తక్కువ. మన ఊరు నయం అన్న ఊరట అన్నమాట. గంటల లెక్కకు ఈ తేడా అందదు. చదివే నేరాల తీరూ, సమయమూ ఒకటే అయినా, ఊరు మారగానే ఫలితం తిరగబడుతోంది.

ఎదురు నిలిచే అధ్యయనాన్ని చివర్లో దాచకుండా ఇక్కడే పెట్టాలి. 2003లో రోమర్, జేమీసన్, షాన్ ఏడే అనే ముగ్గురు ప్రచురించిన పనిలో, స్థానిక టీవీ వార్తలు చూడటానికీ నేర భయానికీ ఉన్న సంబంధం, ఆ ప్రాంతపు నేరాల స్థాయితో పని లేకుండా నిలిచింది. పైకి ఇది టొరంటో ఫలితానికి విరుద్ధం. వాదన లేని రివ్యూ "ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి" అని రాసి తప్పుకుంటుంది. కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే దారి కనిపిస్తుంది. టొరంటోలో కొలిచింది మొత్తం టీవీ వీక్షణం, రోమర్ బృందం చూసింది స్థానిక వార్తలు. మొత్తం టీవీలో సీరియల్, క్రికెట్, సినిమా అన్నీ కలిసిపోతాయి. స్థానిక వార్తల్లో కనిపించేదేమో చూసేవాడి సొంత ఊరు. అంటే ఎదురొచ్చిన అధ్యయనం కూడా ఊరే ముఖ్యమన్న మాటకు దగ్గరికే వస్తుంది. అయితే ఆ వివరణ మనం చేసిన అనుమితి, వాళ్లు పరీక్షించింది కాదు. ఆ సంగతి వాక్యంలోనే చెప్పాలి.

ఇప్పుడు చెన్నై తెలుగు ఇల్లు ఎందుకు కావాలో తెలిసింది. హీత్ లెక్కలో రెండే ఊళ్లు: సొంతది, పరాయిది. చెన్నైలో ఉండే తెలుగు కుటుంబానికి విజయవాడ ఈ రెండింట్లో ఏదీ కాదు. అమ్మానాన్నలు అక్కడే ఉండొచ్చు, పిల్లల బడి మాత్రం ఇక్కడ. ఊరట కలుగుతుందా, భయం వస్తుందా, వస్తే తమ గురించా, అక్కడున్నవాళ్ల గురించా? "చెన్నై తెలుగువారి మీద ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు" అన్నది ఖాళీ చూపడం మాత్రమే, అలాంటి ఖాళీలు ఎన్నైనా దొరుకుతాయి. ఉన్న సిద్ధాంతానికి జవాబు దొరకని చోటు ఇదీ అని చూపిస్తేనే అధ్యయనానికి కారణం ఉంటుంది. హీత్ చూసింది అమెరికా పత్రికలను, మనది టీవీ అన్న పరిమితినీ అక్కడే రాయాలి.

వాదన వరుస రాయడం కష్టమనడానికి కారణం రాత కాదు, ముందు చేయాల్సిన పట్టిక. ఎక్సెల్‌లో ఒక్కో పేపరుకు ఒక్కో వరుస, ఐదు నిలువు గడులు చాలు: మీడియాను ఎలా కొలిచారు, ఏ భయాన్ని కొలిచారు, వేటిని అదుపు చేశారు, ఎక్కడ, ఎంత పెద్ద ఫలితం. అన్నీ నింపాక సంవత్సరాల వారీగా కాక "మీడియాను ఎలా కొలిచారు" అన్న గడి మీద సార్ట్ చేయాలి. గంటలు కొలిచినవి ఒక గుంపుగా, వార్తలు మాత్రమే కొలిచినవి ఇంకో గుంపుగా పడతాయి, విభాగాలు అక్కడ్నుంచే పుడతాయి. పేపరు అసలు చదవకుండా వేరేవాళ్ల సారాంశం నుంచి ఎత్తుకుంటే ఈ గడుల్లో సగం నిండవు. ఆ సంగతి పట్టికే బయటపెడుతుంది.

ఈ వరుసకూ దాని ప్రమాదం దానికుంది. మాట ముందే తేల్చుకున్నవాడు అనుకూలమైన పేపర్లనే ఏరుకుంటాడు. దానికి విరుగుడు, పట్టికలో ఉన్న ప్రతి పేపరూ అధ్యాయంలో ఎక్కడో ఒకచోట కనిపించడం, లేకపోతే ఎందుకు వదిలారో ఒక వాక్యం ఉండటం. ఇంకో తప్పు ఓట్లు లెక్కపెట్టడం: "పన్నెండు అధ్యయనాలు అవునన్నాయి, ఏడు కాదన్నాయి." చిన్న శాంపుల్ ఉన్న అధ్యయనం కాదనడానికీ పెద్ద అధ్యయనం కాదనడానికీ బరువు ఒకటి కాదు. క్రియలతోనూ జాగ్రత్త. సర్వే మీద నడిచిన పనికి "టీవీ భయాన్ని పెంచింది" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. భయపడేవాళ్లే ఇంట్లో కూర్చుని టీవీ ఎక్కువ చూస్తుండవచ్చు కదా? "సంబంధం కనిపించింది" అనే రాయాలి.

రాశాక ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రం కత్తిరించి ఒక పేజీలో వరుసగా అంటించండి. అవి మనుషుల పేర్లతో మొదలైతే జాబితా ఇంకా మిగిలి ఉంది. పేర్లు కాకుండా మాటలతో మొదలై, ఒకదాని మీద ఒకటి నిలబడితే వాదన ఉంది.

గైడ్ సిద్ధాంతాల విభాగాలే కావాలని పట్టుబడితే పోట్లాడనక్కర్లేదు. ఎనిమిది వందల పదాల్లో "సైద్ధాంతిక నేపథ్యం" అని విడిగా పెట్టి కల్టివేషన్‌ను అక్కడ పరిచయం చేసేసి, మిగతా ఐదు వేల పైచిలుకు పదాలను ఆ నాలుగు మెట్లకు ఉంచుకోవచ్చు. అందులోనూ నాలుగో మెట్టుకు కనీసం రెండు వేలు ఇవ్వాలి.