రెండు సిమ్‌ల ఫోను: కాల్స్ ఒకదానికి, డేటా మరొకదానికి పంచితే ఏమవుతుంది

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, కార్యాలయం విజయవాడ గవర్నర్‌పేటలో ఉండడం వల్ల రెండు సిమ్‌ల ఆండ్రాయిడ్ ఫోనును కొన్నేళ్లుగా రెండు ఊళ్లలోనూ, మధ్యలో మంగళగిరి దారిలోనూ వాడుతూ వస్తున్నాను. మొదటి సిమ్ పాత నంబరు; బ్యాంకు ఖాతా, ఆధార్, బంధువులు, ఖాతాదారులు అందరూ దానికే కట్టుబడి ఉన్నారు. రెండోది తరువాత తీసుకున్నది, డేటా కాస్త చవకగా వస్తుందని. అందుచేత చాలామంది చేసే విధంగానే నేనూ కాల్స్, మెసేజ్‌లు పాత సిమ్‌కు, మొబైల్ డేటా కొత్త సిమ్‌కు కేటాయించి చాలాకాలం వాడాను. సెట్టింగ్స్‌లో సిమ్‌ల పేజీ కూడా ఈ మూడింటినీ వేర్వేరు వరుసల్లో చూపిస్తుంది కనుక, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ఎంపికలని అనిపిస్తుంది. దీర్ఘకాలం వాడిన తరువాత నా అభిప్రాయం ఏమిటంటే, ఎక్కువసేపు మాట్లాడే సిమ్, డేటా సిమ్ వేర్వేరుగా ఉండడమే ఈ ఫోన్లలో వచ్చే చిక్కులకు ప్రధాన కారణం.

దీనికి మూలం ఫోను నిర్మాణంలో ఉంది. మార్కెట్లో ఉన్న రెండు సిమ్‌ల ఫోన్లలో అధిక భాగం రెండు నంబర్లనూ సిద్ధంగా ఉంచుతాయి కానీ, ఒక సిమ్‌లో కాల్ మొదలవగానే రేడియో మొత్తం ఆ సిమ్‌కే అప్పగించబడుతుంది. రెండు సిమ్‌లూ ఏకకాలంలో పనిచేసే ఫోన్లు లేకపోలేదు గానీ అవి తక్కువ. కాల్ నడుస్తున్న సిమ్‌లోనే డేటా కూడా ఉంటే, వోల్టీ పుణ్యమా అని మాట, ఇంటర్నెట్ రెండూ ఒకే 4జీ దారిలో సాగిపోతాయి. డేటా అవతలి సిమ్‌లో ఉంటే మాత్రం కాల్ ముగిసేదాకా అది ఆగిపోతుంది.

ఈ తేడా విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో నాకు బాగా తెలిసివచ్చింది. పాత సిమ్‌లో ఒక ఖాతాదారుతో మాట్లాడుతూనే కూరగాయల దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేశాను. మొత్తం వేసి పిన్ కొట్టిన తరువాత తెర తిరుగుతూనే ఉండిపోయింది. దుకాణదారు సర్వర్ పనిచేయడం లేదన్నాడు, వెనుక నిలబడినవారు సిగ్నల్ లేదన్నారు. నిజానికి రెండు సిమ్‌లకూ సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. డేటా సిమ్ పక్కన ఉండవలసిన 4జీ గుర్తు మాత్రం మాయమైంది. కాల్ పెట్టేయగానే ఆ గుర్తు తిరిగి వచ్చింది, కొద్ది క్షణాల్లో చెల్లింపు పూర్తయింది. ఇలాంటప్పుడు కంగారుపడి రెండోసారి పంపకుండా, కాల్ ముగించి, యాప్‌లో చెల్లింపుల చరిత్ర చూసుకోవాలి; మొదటిది పెండింగ్‌లో ఉండి తరువాత పూర్తయితే డబ్బు రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంది.

మీ ఫోను ఈ కోవకు చెందినదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. వైఫై ఆపి, డేటా లేని సిమ్ నుంచి ఎవరికైనా కాల్ చేసి, మాట్లాడుతూ ఉండగానే ఏదైనా కొత్త వెబ్ పేజీ తెరవండి. అదే సమయంలో ఇంకొకరి చేత మీ డేటా నంబరుకు కాల్ చేయించండి. పేజీ తెరుచుకోకుండా, ఆ కాల్ చేసినవారికి మీ నంబరు అందుబాటులో లేదన్న మాట వినిపిస్తే సంగతి అర్థమైనట్లే.

తయారీదారులు దీనికి ఒక ఉపాయం ఇచ్చారు. డేటా లేని సిమ్ తాలూకు సెట్టింగ్స్‌లో, కాల్ సమయంలో మాత్రం ఆ సిమ్ నుంచే డేటా వాడుకోవడానికి అనుమతించే మీట ఒకటి చాలా ఫోన్లలో ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఇది ఆటోమేటిక్ డేటా మార్పిడి అనే పేరుతో కనిపిస్తుంది. నేను దీన్ని ఆన్ చేసి వాడాను, చెప్పినట్లే పనిచేస్తుంది. అయితే మాట్లాడే సిమ్‌లో కూడా డేటా ప్యాక్ ఉన్నప్పుడే దాని వల్ల ప్రయోజనం. ప్యాక్ లేకపోతే ఇంటర్నెట్ రాకపోవచ్చు, లేదా ప్రధాన బ్యాలెన్సులోంచి మామూలు ధరకు కోత పడవచ్చు. రెండు సిమ్‌లలోనూ డేటాకు డబ్బు కట్టేటట్లయితే డేటా చవక అని రెండో సిమ్ తీసుకోవడంలో ఆదా ఏముంటుంది?

అందుకే చివరికి డేటాను కూడా పాత సిమ్‌కే మార్చి, కొత్త సిమ్‌కు కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే రీచార్జి చేయిస్తున్నాను. డేటా అక్కరలేనివారికి ఇలాంటి ప్యాకులు విడిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. డేటా మార్పిడి మీటను ఆపివేశాను. అప్పటి నుంచి మాట్లాడుతూ చెల్లింపు చేయడంలోనూ, దారి చూసుకోవడంలోనూ ఇబ్బంది రాలేదు. నెలసరి ఖర్చు కొద్దిగా పెరిగిన మాట వాస్తవం.

ఒక లోటు మాత్రం మిగిలే ఉంది. పాత సిమ్‌లో మాట్లాడుతున్నంతసేపూ కొత్త నంబరుకు వచ్చే కాల్స్ నాకు చేరవు. కాల్ వెయిటింగ్ ఆన్‌లో ఉన్నా ఫలితం ఉండదు, ఎందుకంటే అది ఒకే నంబరుకు వచ్చే రెండు కాల్స్‌కు సంబంధించిన సదుపాయం. ఫోను యాప్ సెట్టింగ్స్‌లో కొత్త సిమ్‌ను ఎంచుకుని, కాల్ ఫార్వర్డింగ్‌లో అందుబాటులో లేనప్పుడు అన్న వరుస వద్ద పాత నంబరు ఇచ్చాను. ఇప్పుడు అలాంటి కాల్ పాత సిమ్‌లో వెయిటింగ్‌గా వినిపిస్తుంది. ఫార్వర్డ్ అయిన కాల్‌ను అవుట్‌గోయింగ్‌గా లెక్కించే ప్లాన్లు ఉంటాయి కనుక ముందుగా కనుక్కోవడం మంచిది. ఈ మార్పు సెట్టింగ్స్‌లోంచే చేయండి. అపరిచితులు ఫోనులో చెప్పే కోడ్లు నొక్కితే మీ కాల్స్ వారికి మళ్లిపోతాయి. ఇంట్లోనూ కార్యాలయంలోనూ రెండు సిమ్‌లకూ వైఫై కాలింగ్ ఆన్ చేసి ఉంచడం వల్ల నా ఫోనులో ఈ ఫార్వర్డింగ్ అవసరం చాలావరకు తగ్గింది.

మెసేజ్‌ల ఎంపిక గురించి ఒక అపోహ ఉంది. ఏ సిమ్‌ను ఎంచుకున్నా ఓటీపీలు ఏ నంబరుకు పంపితే ఆ నంబరుకే వస్తాయి. ఆ ఎంపిక మనం పంపే ఎస్ఎంఎస్‌లకే వర్తిస్తుంది. యూపీఐ యాప్ కొత్త ఫోనులో నమోదయ్యేటప్పుడు బ్యాంకులో ఉన్న నంబరు నుంచి తనంతట తానే ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. ఆ సిమ్‌లో అవుట్‌గోయింగ్ గడువు తీరిపోయి ఉంటే నమోదు విఫలమవుతుంది. గడువు తీరాక కూడా కొన్నాళ్లు ఓటీపీలు వస్తూనే ఉండడంతో సిమ్ బాగానే ఉందని అనుకుంటాం, తప్పు యాప్ మీదకు నెడతాం. మా అన్నయ్యగారి ఫోనులో సరిగ్గా ఇదే జరిగింది. చిన్న రీచార్జి చేయించి, యాప్ అడిగినప్పుడు బ్యాంకు నంబరున్న సిమ్‌ను ఎంచుకోగానే నమోదు పూర్తయింది.

కాల్స్ విషయంలో ప్రతిసారీ అడగాలన్న ఎంపిక నాకు నచ్చలేదు. తొందరలో అది అడ్డు. దానికి బదులు పాత సిమ్‌ను స్థిరంగా పెట్టి, కొత్త నంబరు తెలిసిన కొద్దిమంది కాంటాక్టులకు మాత్రం విడిగా సిమ్‌ను కేటాయించాను. వాడకం బొత్తిగా లేని ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల తరువాత రద్దు చేయవచ్చు. బ్యాలెన్సులో కనీసం 20 రూపాయలుంటే ఆ మొత్తం తీసుకుని మరో 30 రోజులు కొనసాగిస్తారు. రెండో సిమ్‌ను ఓటీపీల కోసమే ఉంచుకునేవారు నెలకొక కాల్ దాని నుంచి చేయడం, రీచార్జి గడువు తేదీని ఫోను క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం అవసరం.