డబ్బా మీద పీసీ అని ఉంటుంది, లోపల ఉండదు: డ్రిప్ కొనేవాళ్లు జాగ్రత్త

పర్వతగిరి వైపు మాకు రెండెకరాల చల్క ఉంది. అందులో మామిడి పెట్టాం, ఐదు మీటర్లకు ఒక మొక్క, మొత్తం 320. సబ్సిడీ ఫైలు కదిలేదాకా ఆగితే వానాకాలం దాటిపోతుందని తొందరపడి వరంగల్‌లో ఒక షాపులో సొంత డబ్బుతో డ్రిప్ కిట్టు కొన్నాను. షాపు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ కంపెనీ వచ్చే ఏడు ఇంకో పేరుతో వస్తుంది. ఎలా మోసపోయానో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మా నేల ఏటవాలు. అందుకే పీసీ డ్రిప్పర్లే కావాలని గట్టిగా అడిగాను. పీసీ అంటే ప్రెషర్ ఎక్కువైనా తక్కువైనా ఒకే లెక్కన నీళ్లు ఇచ్చేది. డ్రిప్పర్ లోపల పలుచని సిలికాన్ బిళ్ల ఉంటుంది. ప్రెషర్ పెరిగితే అది వంగి దారిని సన్నం చేస్తుంది, తగ్గితే దారి మళ్లీ తెరుచుకుంటుంది. మామూలు డ్రిప్పర్‌కు ఆ బిళ్ల ఉండదు కాబట్టి నీళ్లు ప్రెషర్‌ని బట్టి మారిపోతాయి. షాపాయన డబ్బా మీద పీసీ అన్న అక్షరాలు చూపించి, "అన్నీ ఒకటే ఫ్యాక్టరీ మాల్ అన్నా, పేరే తేడా" అన్నాడు. పెద్ద కంపెనీ దానికి సగం ధరే. గంటకు 4 లీటర్లవి, చెట్టుకు రెండు చొప్పున 640 తెచ్చాను.

ఏప్రిల్‌లో తేడా బయటపడింది. ఒకే వరసలో పక్కపక్క మొక్కలు, ఒకదాని కింద బురద, ఇంకోదాని ఆకు వాడి వేలాడుతోంది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, డ్రిప్పర్లు పూడుకున్నాయేమో అనుకున్నాను. మూడుసార్లు యాసిడ్ పెట్టాను, ఫిల్టర్ జాలీ రోజూ కడిగాను. ఏం మారలేదు. నర్సంపేట దగ్గర తోట ఉన్న మా బావ వచ్చి చూసి, "సున్నం అయితే తెల్లగా కనబడాలె కదరా" అన్నాడు. ఒకటి పీకి చూశాం. లోపల శుభ్రంగానే ఉంది.

అప్పుడు ఆయన చేసిన పరీక్ష కొనేముందే చేసుంటే నాకు ఈ కథ ఉండేది కాదు. దీనికి పది ప్లాస్టిక్ గ్లాసులు, మిల్లీలీటర్ల గీతలున్న మందుల కొలత గ్లాసు ఒకటి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఒకే పైపు మీద దగ్గర దగ్గరగా పది డ్రిప్పర్లు గుచ్చి, ఫిల్టర్ తర్వాత ఉన్న ప్రెషర్ గేజ్ 1 కిలో చూపించేలా వాల్వ్ సర్దాం. అన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ప్రెషర్ తేడా అనే సాకు లేదు. గంటకు 4 లీటర్లంటే మూడు నిమిషాలకు 200 మిల్లీలీటర్లు రావాలి. పాతవే కాదు, డబ్బాలో మిగిలిన కొత్తవి కూడా విడిగా చూశాం, పూడిక అనే అనుమానం కూడా పోవాలని. కొత్త పదికి వచ్చిన లెక్క ఇది: 190, 265, 150, 205, 310, 175, 130, 220, 285, 170.

సగటు తీస్తే 210. సగటు చూసి షాపాయన "చూశారా, కరెక్టే కదా" అనొచ్చు, నిజంగానే తర్వాత అన్నాడు కూడా. కానీ చెట్టు సగటు తాగదు. 130 ఇచ్చేవి రెండు పడిన చెట్టుకు మూడు గంటల్లో 16 లీటర్లు కూడా అందవు, 310 ఇచ్చేవి రెండు పడిన చెట్టుకు 37 లీటర్లు. ఇంజనీర్లు ఈ ఎగుడుదిగుడును శాతంలో చెప్తారు. మంచి సరుకులో అది 5 లోపు ఉంటుంది, 10 దాటితే కొనకూడదు. నా డ్రిప్పర్లకు 28 దాకా వచ్చింది. లెక్క రాకపోతే మానండి, పదిలో ఎక్కువ భాగం 190, 210 మధ్య పడుతున్నాయా లేదా చూడండి చాలు.

రెండో పరీక్షతో పీసీ అన్న మాట కూడా తేలిపోయింది. బైపాస్ వాల్వ్ మూస్తూ గేజ్‌ని 1 నుంచి 2 కిలోలకు తెచ్చి అవే డ్రిప్పర్లు మళ్లీ కొలిచాం. అసలు పీసీ అయితే నీళ్లు దాదాపు కదలకూడదు. నాది 220 ఇచ్చినది 310 ఇచ్చింది. ప్రెషర్ రెట్టింపైతే మామూలు డ్రిప్పర్‌లో నీళ్లు ఒకటికి దాదాపు ఒకటిన్నర అవుతాయి, ఇదీ అచ్చంగా అంతే. పట్టకారుతో మూత తిప్పి తీస్తే లోపల సిలికాన్ కాదు, సైకిల్ ట్యూబు ముక్కలాంటి నల్ల రబ్బరు. అంచులు చిరుగులు, వేలితో నొక్కితే వంగనంత బిర్రుగా ఉంది. ప్లాస్టిక్ దారిలో అచ్చు వదిలిన పోగులు గోటికి తగిలాయి. ఒక్కోదానిలో ఒక్కోలా ఉన్నాయి, నీళ్లు ఒకేలా ఎలా వస్తాయి!

ఇంకో మోసం ఆలస్యంగా తెలిసింది. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉంది, కింద CM/L నంబరు కూడా ఉంది. BIS Care యాప్‌లో కొడితే నంబరు నిజమైనదే. కానీ ఆ లైసెన్స్ IS 12786కి, అంటే నల్ల లాటరల్ పైపుకు. డ్రిప్పర్లకు ఉండాల్సింది IS 13487. పైపు గుర్తును డ్రిప్పర్ డబ్బాకు అంటించారు. కాబట్టి నంబరు ఉందా అని కాదు, అది ఏ వస్తువుకు ఇచ్చిందో చదవండి. మంచి డ్రిప్పర్ ఒంటి మీదే కంపెనీ గుర్తు, గంటకు ఎన్ని లీటర్లో అచ్చు వేసి ఉంటుంది. నావి నున్నగా ఉన్నాయి.

షాపుకు వెళ్తే "వాడిన సరుకు వాపస్ లేదు" అన్నాడు. నా దగ్గర ఉన్నది చిత్తు కాగితం మీద రాసిన ఎస్టిమేటు. డ్రిప్పర్ మోడల్ పేరు, లీటర్లు, పీసీ అన్న మాట రాసిన జీఎస్టీ బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాణ్ణి.

కొత్తవి కొనేటప్పుడు మూడు కంపెనీలవి పదేసి విడిగా తెచ్చి ఇంట్లోనే పరీక్షించాను. జైన్, నెటాఫిమ్ లాంటి పేరున్న కంపెనీలు కూడా పీసీవీ, మామూలువీ రెండూ అమ్ముతాయి, కాబట్టి కంపెనీ పేరు ఒక్కటే చెప్పి కొనకండి, మోడల్ అడగండి. మూడింట్లో రెండు బాగా వచ్చాయి, రెంటిలో పెద్ద తేడా లేదు. మూత విప్పి కడుక్కునే వీలున్నది తీసుకున్నాను, మా నీళ్లకు అది అవసరం. పాత రంధ్రాల్లో కొత్తవి బిగుతుగా కూర్చుంటాయా అని కూడా నాలుగైదు గుచ్చి చూశాను. కొన్ని చోట్ల కారాయి, ఆ రంధ్రాలకు డమ్మీ కొట్టి పక్కన కొత్తవి వేశాను.

అయితే పది గ్లాసుల పరీక్షలో డ్రిప్పర్ కొత్తగా ఉన్నప్పుడు ఎలా పనిచేస్తుందో అంతే తెలుస్తుంది. సిలికాన్ బిళ్ల ఐదో ఎండాకాలానికి ఎలా ఉంటుందో అది చెప్పదు. అందుకు అదే మోడల్ నాలుగైదేళ్లుగా వాడుతున్న తోట ఒకటి వెతుక్కుని, వాళ్ల దగ్గర కూడా గ్లాసులు పెట్టి కొలవాలి. నేను నెక్కొండ వైపు ఒకాయన తోటలో కొలిచాను. ఆయన మొదట నవ్వి, తర్వాత తనవి ఇంకో ఇరవై నాతోనే కొలిపించాడు.