మీటింగ్‌కి రాలేనని చెప్పే ఆ రెండు లైన్లు: చాలాకాలం వాడాక నా మాట

మీటింగ్ పిలుపు వచ్చినప్పుడు Outlook‌లో వేరే సమయం అడిగే Propose New Time మీట ఎక్కడ ఉంటుందో, ఎలా నొక్కాలో ఆఫీసు పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ వివరాలు ఇక్కడ రాయను. నాకు బాగా నచ్చింది, దాని కింద చాలామంది ఖాళీగా వదిలేసే చిన్న పెట్టె. రాలేనని, ఎప్పుడైతే వస్తానో అని రెండు లైన్లలో రాయడానికి చోటున్న పెట్టె. కొత్త సమయం పంపే మీట కంటే ఆ పెట్టే ఎక్కువ పని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఒకసారి మీట పంపిన కబురు దారిలో పోయింది, రెండు లైన్లు మాత్రం చేరాయి.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పని చేస్తాను. నెలలో కొన్ని తేదీలు మా చేతిలో ఉండవు. 11న జీఎస్టీఆర్-1, 20న 3బి రిటర్నులు దాఖలు చేయాలి. ఆ చుట్టుపక్కల ఎవరు మీటింగ్ పెట్టినా ఏదో ఒకటి క్లాష్ అవుతుంది. కాబట్టి రాలేనని చెప్పడం మాకు రోజూ ఉండే పనే.

మొదట్లో మా ఆఫీసులో అందరూ పంపే మాట ఇలా ఉండేది: ‘సారీ సార్, ఆ రోజు కొంచెం బిజీగా ఉన్నాను, మీ వీలు చూసుకుని చెప్పండి.’ వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ పని మొత్తం మళ్లీ పిలిచినవాళ్ల నెత్తినే పడుతుంది. వాళ్లు ఒక రోజు చెప్తారు, అది మనకు కుదరదు, మనం ఇంకోటి అడుగుతాం, ఈలోగా మిగతా ముగ్గురూ ఆ సమయానికి వేరే పనులు ఒప్పుకుంటారు. అదే ఇలా రాస్తే:

‘నమస్కారం సార్, గురువారం 11 గంటలకు ముందే ఒప్పుకున్న పని ఉండటం వల్ల రాలేకపోతున్నాను. శుక్రవారం ఉదయం 10:30కి గానీ సాయంత్రం 4కి గానీ మీకు వీలైతే తప్పకుండా ఉంటాను.’

ఇక అవతలి మనిషి రెండింట్లో ఒకటి అంటే చాలు. మొదటి లైన్లో ఏ మీటింగ్‌కి రావట్లేదో, కారణం పొడిగా ఎంతో అంతే. ఆ ముందే ఒప్పుకున్న పని ఎవరిదో మేం రాయం. ఒక క్లయింట్ సంగతి ఇంకో క్లయింట్‌కి తెలియకూడదు, ఆడిట్ ఆఫీసులో అది మొదటి పాఠం. రెండో లైన్లో రోజు, గంట పేర్లతో సహా. ‘వచ్చే వారం ఎప్పుడైనా’ అంటే ఏమీ చెప్పనట్టే. ఒకటే సమయం ఇస్తే హుకుం జారీ చేసినట్టుంటుంది, నాలుగిస్తే చదివేవాళ్లు తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు. రెండు సరిపోతాయి.

ఇప్పుడు ఆ నవంబర్ సంగతి.

ఆటోనగర్‌లో మాకొక క్లయింట్ ఉన్నారు. వాళ్ల పెద్ద కంపెనీ అమెరికాలో న్యూజెర్సీలో ఉంది. అక్కడ లెక్కలు చూసే మేడంది తెనాలి. ఆవిడ ప్రతి గురువారం వాళ్ల ఉదయం 9:30కి మీటింగ్ పెట్టారు. వేసవిలో అది మనకు సాయంత్రం 7. అదయ్యాక 8కి మాకు దుబాయ్ క్లయింట్‌తో ఇంకో మీటింగ్, అక్కడి లెక్కలో 6:30. నెలల తరబడి ఒకదాని తర్వాత ఒకటి ఇబ్బంది లేకుండా నడిచాయి.

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకూ దుబాయ్‌కీ ఆ మార్పు లేదు. న్యూజెర్సీలో 9:30 అలాగే 9:30గా ఉంటుంది, మన దగ్గర మాత్రం 7 కాస్తా 8 అవుతుంది. ఎవరూ సమయం మార్చలేదు కాబట్టి కొత్త మెయిల్ ఏదీ రాదు. క్యాలెండర్‌లో ఆ గడి తనంతట తానే కిందికి జరిగి దుబాయ్ మీటింగ్ మీద కూర్చుంటుంది. ముందు వారాలు తిరగేసి చూసేవాళ్లకు తప్ప ఇది కంటపడదు.

మా ఆఫీసులో ఈ రెండు మీటింగుల్లోనూ కూర్చునేది నేనూ, మా జూనియరూ. క్లాష్ చూసి అతను మంగళవారమే Decline and Propose New Time నొక్కి, 7 గంటలు పెట్టి, పెట్టెలో ఏమీ రాయకుండా పంపేశాడు. అతని వైపు నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. పంపిన మెయిల్ మీద New Time Proposed అని కూడా ఉంది. మేడం మాత్రం దాన్ని ఫోన్‌లోని ఒక మెయిల్ యాప్‌లో తెరిచారు. అక్కడ కనిపించింది ఒక్కటే మాట: Declined. కొత్త సమయం ఊసే లేదు.

బుధవారం పొద్దున ఆటోనగర్ ఓనర్ గారు మా సార్‌కి ఫోన్ చేశారు. ‘ఏమండీ, మీ కుర్రాడు మీటింగ్‌కి రానన్నాడంట, ఫీజు విషయంలో ఏమన్నా మనసులో ఉందా?’ అని. ఎంత బాధేసిందో చెప్పలేను. ఆ పిల్లాడు పద్ధతిగా వేరే సమయం అడిగాడు. అవతలికి చేరింది మాత్రం మొహం మీద తలుపేసినట్టు.

నేను అదే మీటింగ్‌కి అదే మీటతో మంగళవారం రాత్రి పంపాను, కాకపోతే కింద ఇది రాశాను:

‘నమస్తే మేడం, అక్కడ గడియారాలు మారడంతో గురువారం మీటింగ్ మాకు రాత్రి 8కి వచ్చింది, ఆ సమయానికి ముందే ఒప్పుకున్నది ఉండటం వల్ల రాలేకపోతున్నాను. మార్చి రెండో ఆదివారం దాకా గురువారాలు మీ ఉదయం 8:30కి, అంటే మాకు సాయంత్రం 7కి, లేదా శుక్రవారాలు మీ 9:30కి మార్చగలిగితే మేమిద్దరం తప్పకుండా ఉంటాం.’

ఫోన్‌లో ఇది కూడా Declined అనే కనిపించింది. కానీ దాని కింద ఈ రెండు లైన్లు అక్షరం పోకుండా ఉన్నాయి. మేడం పొద్దున చూసుకుని వెంటనే జవాబిచ్చారు: ‘8:30 నాకు ఓకే అండీ, మొత్తం మార్చేస్తాను. మీ అబ్బాయిది ఇప్పుడర్థమైంది.’ ఓనర్ గారికి కూడా ఆవిడే చెప్పారు.

ఎందుకిలా అయిందో తర్వాత వాళ్ల ఐటీ అతను చెప్పాడు. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక ప్రమాణం ఉంది, 2009లో వచ్చిన RFC 5546. మామూలుగా వస్తాను, రాను అని చెప్పే జవాబు అందులో `METHOD:REPLY`. వేరే సమయం అడిగేది `METHOD:COUNTER`, అది వేరే రకం కబురు. మొదటిది దాదాపు ప్రతి యాప్‌కీ అర్థమవుతుంది. రెండోదాన్ని అన్నీ పట్టించుకోవు. పట్టించుకోని చోట రాను అన్న ముక్క మిగులుతుంది, ఎప్పుడొస్తానన్న ముక్క పోతుంది. రెండు వైపులా ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ బాధ దాదాపు ఉండదు. బయటి కంపెనీకి పంపేటప్పుడే జాగ్రత్త కావాలి. పెట్టెలో రాసింది మామూలు మెయిల్ మాట కాబట్టి ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఇంకోటి కూడా ఉంది. Outlook‌లో వారం వారం వచ్చే మీటింగ్‌కి కొత్త సమయం అడగాలంటే ఒక్కో వారానికే అడగగలం, మొత్తం వరసకి కుదరదు. నవంబర్ నుంచి మార్చి దాకా మార్చమని అడగడానికి మీట పనికిరాదు. ఆ మాట రెండో లైన్లోనే చెప్పుకోవాలి.

ఇంతగా పొగుడుతున్నాను గానీ, వాడగా వాడగా కొన్నిచోట్ల నా ఉత్సాహం తగ్గింది. మనం అడిగినంత మాత్రాన మన క్యాలెండర్‌లో ఆ కొత్త గంట మనకోసం ఆగి ఉండదు. పిలిచినవాళ్లు ఒప్పుకుని కొత్త పిలుపు పంపేదాకా అది ఖాళీగానే కనిపిస్తుంది, ఈలోగా మన సార్‌వాళ్లే అందులో ఇంకోటి పెట్టేస్తారు. అందుకే నేను అడిగిన రెండు సమయాలకీ నా క్యాలెండర్‌లో నేనే ఒక గడి పెట్టుకుంటాను, జవాబు వచ్చాక అక్కర్లేనిది తీసేస్తాను. మరుసటి పనిదినం సాయంత్రానికి అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కబురు చేరలేదనే అనుకుని ఫోన్ చేస్తాను.

ఇక Decline and Propose, Tentative and Propose రెండూ ఒకటే అని మొదట అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. Outlook‌లో Decline అంటే ఆ మీటింగ్ మామూలుగా మన క్యాలెండర్‌లోంచి తొలగిపోతుంది, దాంతోపాటు చేరాల్సిన లింకూ కనపడదు. వాళ్లు సమయం మార్చకపోతే, మన క్లాష్ తీరిపోయినా మళ్లీ లింక్ వెతుక్కోవాలి. క్లాష్ ఖాయమైతేనే Decline. దుబాయ్‌ వాళ్లది వాయిదా పడే సూచన ఉంటే Tentative పెట్టి, మొదటి లైన్లో ‘రాలేకపోవచ్చు’ అంటాను.

పదిమంది పైన ఉన్న మీటింగులకి ఈ రెండు లైన్లు పంపడం నేను మానేశాను. ఒక్కొక్కరూ రెండేసి సమయాలు చెబితే పిలిచినవాళ్లు ఎవరిది వినాలి? అక్కడ రాలేనని ఒక లైను, నా బదులు ఎవరొస్తారో ఇంకో లైను. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపుల వాళ్లకైతే అసలు క్యాలెండర్ అలవాటే లేదు. ‘బాబాయ్, రేపు కుదర్లేదు, ఎల్లుండి పది గంటలకి రానా?’ అని ఫోన్ చేస్తే అయిపోతుంది. జీఎస్టీ ఆఫీసు విచారణ నోటీసు మాత్రం వేరే లోకం. దానికి వాయిదా కోరుతూ కారణాలతో అర్జీ పెట్టాలి. సెక్షన్ 75(5) కింద ఒకరికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరు. ఈ మర్యాద లైన్లు అక్కడ చెల్లవు.

కాబట్టి నాలాగా ముగ్గురు నలుగురుండే మీటింగులు, బయటి ఊళ్ల క్లయింట్లు, ఒకే సాయంత్రం రెండు దేశాల గడియారాలు ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. అందరూ ఒకే ఆఫీసులో, ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఉన్నవాళ్లకి మీట ఒక్కటీ చాలేమో, నా పరిస్థితి వేరు. మా జూనియర్ ఇప్పుడు మీట నొక్కినా నొక్కకపోయినా పెట్టెలో గంట మాత్రం రెండు ఊళ్ల లెక్కలోనూ రాస్తున్నాడు. మార్చి రెండో ఆదివారం తర్వాతి గురువారానికి 9:30కే తిరిగి మార్చమని మేడంకి గుర్తుచేసే పని కూడా అతనే తీసుకున్నాడు.