పొరలా, మెట్లా, సన్నని ముక్కా? కిరాణా యాప్ ఎపిక్‌ను ఎలా కోస్తే మేలు?

బరంపురం బడ బజారులో ఒక కిరాణా దుకాణానికి యాప్ కడుతున్నాం. పనిచేసేది నలుగురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బోర్డు మీద కార్డుల్లో రెండూ కలిపి. ఎపిక్, అంటే మొత్తం పెద్ద పని, ఒక్క వాక్యమే: ‘ఊళ్లోని ఖాతాదారు ఇంట్లోంచే సరుకులు ఆర్డర్ చేసి, అదే రోజు అందుకోవాలి.’ దాన్ని ఫీచర్లుగా విడదీయడానికి ఒక పూట చాలింది. సరుకుల జాబితా, బుట్ట, డెలివరీ, చెల్లింపు, దుకాణంలో ప్యాకింగ్. వీటిలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఫీచర్లను స్టోరీలుగా, అంటే ఒక్కో కార్డు మీద పట్టే చిన్న ముక్కలుగా, కోసేటప్పుడు వచ్చింది. మూడు రకాలుగా కోసి చూశాం.

మొదటిది పొరలవారీ కోత. డేటాబేస్ ఒక స్టోరీ, సర్వర్ ఒకటి, ఫోన్ స్క్రీన్లు ఒకటి. ఎవరి పని వాళ్లది, ఒకరికొకరు అడ్డం రారు కాబట్టి చూడ్డానికి బాగుంటుంది. రోజూ కార్డులు ‘అయిపోయింది’ గడిలోకి జరుగుతూనే ఉన్నాయి. షావుకారుగారు మాత్రం వారం వారం ఒకటే అడిగేవారు: ‘ఏదీ బాబూ, ఓసారి చూపించు.’ చూపించడానికేం లేదు.

మూడో వారంలో అన్నీ కలిపి ఫోన్ ఆయన చేతికిచ్చాం. ఆయన ముప్పావు కిలో టమాటా, పావు కిలో పచ్చిమిర్చి పెట్టారు. బిల్లులో టమాటా కిలో అయింది, పచ్చిమిర్చి సున్నా రూపాయలు. కారణం ఈ ఒక్క లైను:

```sql
quantity INTEGER NOT NULL
```

స్క్రీన్ 0.75 పంపింది, 0.25 పంపింది. డేటాబేస్ కిమ్మనకుండా ఒకదాన్ని 1గా, రెండోదాన్ని 0గా గుండ్రం చేసి దాచుకుంది. టేబుల్ రాసినవాడి మనసులో ఉన్నవి సబ్బులు, నూనె ప్యాకెట్లు. స్క్రీన్ రాసినవాడి మనసులో ఉన్నది కూరగాయల బుట్ట. ఎవరి పొర వారికి సరిగ్గానే ఉంది, ఎవరి టెస్టులు వారికి పాసయ్యాయి. పొరల కోతలో తప్పు ఎప్పుడూ రెండు పొరల మధ్య అతుకులోనే దాక్కుంటుంది, ఆ అతుకు చివర్లో గాని పడదు.

రెండోది మెట్లవారీ కోత, అంటే ఖాతాదారు నడిచే దారిని బట్టి. ‘బుట్టలో వేయడం’, ‘చిరునామా ఇవ్వడం’, ‘డబ్బు కట్టడం’. ఇది మొదటిదానికంటే నయం, ఎందుకంటే ప్రతి కార్డూ కంటికి కనబడుతుంది. చిక్కేమిటంటే మెట్టు పేరు పెద్దది కావడంతో దానిలోకి అన్నీ వచ్చి చేరతాయి. మా చిరునామా కార్డులోకి రెండో చిరునామా, మ్యాప్‌లో గుర్తు పెట్టడం, పాతది తీసేయడం అన్నీ వచ్చి పడ్డాయి. ఆ వారాంతానికి చక్కటి చిరునామా పేజీ తయారైంది. దాంతో పప్పు ప్యాకెట్టు ఒక్కటి కూడా ఇంటికి చేరదు.

మూడోది సన్నని ముక్క. జాబితా నుంచి గుమ్మం దాకా అన్ని మెట్లూ, అన్ని పొరలూ ఉండాలి, కానీ ఒక్కోటి వెంట్రుకవాసి మందం ఉంటే చాలు. మా మొదటి కార్డు ఇది: ‘ఖాతాదారుగా ప్యాకెట్ సరుకు ఒకటి ఎంచుకుని, ఫోన్ నంబరు, చిరునామా ఇచ్చి ఆర్డర్ పెడతాను. డబ్బు గుమ్మం దగ్గర ఇస్తాను.’ లాగిన్ లేదు, వెతుకులాట లేదు. 20 సరుకుల జాబితా, అంతే. ఆర్డర్ దుకాణంలో ఫోన్ మీద కనబడాలి. మూడు రోజుల్లో అయింది. షావుకారుగారే తన ఇంటికి రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్టు తెప్పించుకున్నారు.

తర్వాతి కార్డుల్లో ఒక్కోటీ ఒక్కో మందం చేర్చింది. ఒకే ఆర్డర్లో నాలుగైదు సరుకులు. ఆ పైన పావు కిలో చొప్పున పెంచుకునే విడి సరుకులు. ఇక్కడే పరిమాణాన్ని గ్రాముల్లో దాచాలని తేలింది. ఈసారి మార్చాల్సింది ఒక టేబులు, ఒక స్క్రీను మాత్రమే.

విడి సరుకును రెండు కార్డులు చేయడం గురించి కాస్త చెప్పాలి. ఖాతాదారు కిలో టమాటా అడుగుతుంది. త్రాసులో 1,080 గ్రాములు తూగుతుంది, ఎందుకంటే టమాటాను కోసి సరిచేయం కదా. కిలో రూ. 40 అయితే బిల్లు రూ. 43.20. అడిగిన తూకం ఒకటి, కట్టిన తూకం ఒకటి. కాబట్టి ‘అడగడం’ ఒక స్టోరీ, ‘ప్యాక్ చేసే అబ్బాయి అసలు తూకం ఎక్కించాక బిల్లు మారడం’ ఇంకో స్టోరీ. రెండూ ఒకే కార్డులో ఉంటే వారం దాటిపోయేది. విడదీశాక ఒక్కోటి రెండ్రోజులు పట్టింది.

యూపీఐని దీని తర్వాతకి నెట్టడం కూడా ఇందుకే. గుమ్మం దగ్గర డబ్బిస్తే తూకం తేడా అక్కడికక్కడే తేలిపోతుంది. ముందే రూ. 40 కట్టేసిన మనిషికి 920 గ్రాములు వెళ్తే రూ. 3.20 తిరిగివ్వాలి. 1,080 వెళ్తే ఆమెను మళ్లీ అడగాలి. ‘పైన పడ్డది నేనే భరిస్తాను, తగ్గితే మాత్రం తిరిగిచ్చెయ్యాలి’ అన్నారు షావుకారుగారు. ఆ ఒక్క మాటతో సగం కార్డు చిరిగిపోయింది. యూపీఐ కార్డును ముందే చేసి ఉంటే ఆ సగం కోడ్ రాసేసి ఉండేవాళ్లం.

మంచి స్టోరీకి బిల్ వేక్ 2003లో ఇన్వెస్ట్ అని ఆరు గుణాల కొలత చెప్పాడు. అందులో స్వతంత్రంగా ఉండాలన్నదీ, చిన్నదిగా ఉండాలన్నదీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. డబ్బు తిరిగిచ్చే కార్డు తూకం కార్డు మీద, యూపీఐ కార్డు మీద ఆధారపడక తప్పలేదు. నేనైతే స్వతంత్రాన్ని కొంచెం వదులుకుని చిన్నదనాన్నే పట్టుకుంటాను. వరస తెలిసినంత కాలం ఆధారపడటం పెద్ద ఇబ్బంది కాదు.

సన్నని ముక్కకీ ఖర్చుంది. ఆర్డర్ టేబుల్‌ను మూడుసార్లు మార్చాం, ప్రతిసారీ పాత ఆర్డర్లను సరిచేయాల్సి వచ్చింది. పైగా అన్నీ అలా కోయలేం. దుకాణం ఎక్సెల్ నుంచి సరుకులన్నీ ఎక్కించే పనిని బలవంతంగా ‘ఖాతాదారుగా నేను...’ అని రాస్తే నవ్వొస్తుంది. అది పనే, స్టోరీ కాదు. అలాగని మరీ పొడి చేసేయకూడదు. ‘రద్దు బటన్ ఎర్రగా ఉండాలి’ అని మావాడొకడు కార్డు రాశాడు. అది ఒంటరిగా వెళ్తే షావుకారుగారికి తేడా తెలియదు, కాబట్టి చించేశాం. కార్డులో ‘ఇంకా’, ‘అలాగే’ అన్న మాటలు రెండు మూడు కనబడితే మాత్రం మళ్లీ కోస్తాం.

వెతుకులాట ఫీచర్‌ను వేరే రకంగా, డేటాను బట్టి కోశాం. ఇక్కడ ఒకే పప్పును ఒకరు కందిపప్పు అని, ఒకరు హరడ డాలి అని వెతుకుతారు. ఒక్కో భాష ఒక్కో కార్డు.

ఇప్పుడు బోర్డు మీద ఉన్నది అప్పు ఖాతా. ‘నెలాఖరుకి ఇచ్చేవాళ్లున్నారు బాబూ, వాళ్లనేం చేస్తావు?’ అని షావుకారుగారు అడిగారు. పరిమితి, వాయిదా, గుర్తుచేయడం, పాత బాకీ అన్నీ కలిపితే అదే ఒక ఎపిక్. మేం తీసుకున్న ముక్క ఇది: ఆయన ముందే ఒప్పుకున్న పేర్లకు మాత్రం ‘ఖాతాలో రాయండి’ అని కనబడుతుంది. నొక్కితే ఆర్డర్ మీద ‘అప్పు’ అని అచ్చవుతుంది. లెక్క మాత్రం ఇంకా ఆయన ఎర్రట్ట పుస్తకంలోనే.