పాత శాసనాల్లోని విశ్వాసాలకు ఏ మాట: ‘ధర్మం’ లేక ‘మతం’?

ద్రాక్షారామం, పాలకొల్లు లాంటి ఊళ్ల గుడి చరిత్ర రాసేవారికి ఈ చిక్కు తప్పదు. రిలిజియన్ అనే భావం తెల్లవారి పాలనకు ముందు మనకు ఉందా? ఉంటే దాన్ని ఏమనాలి?

అర్థం: రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని ధర్మతత్త్వజ్ఞులు ధర్మశాస్త్రమంటారని చెప్పాడు. అక్కడ ధర్మమంటే నడవడి, విధి, న్యాయం. రాజుకో ధర్మం, గృహస్థుకో ధర్మం. ‘మతం’ అంటే ఒకరు ఒప్పుకున్న అభిప్రాయం, సిద్ధాంతం.

శ్రమ: ‘మతం’ నేటి పాఠకుడికి వెంటనే అందుతుంది. ‘ధర్మం’కు ప్రతిచోటా వివరణ కావాలి.

ప్రమాదం: ‘మతం’ అనగానే జనాభా లెక్కల గడి గుర్తొస్తుంది, శైవ వైష్ణవాలు రెండూ ఒకే గడిలో పడతాయి. ‘ధర్మం’తో ప్రమాదం ఇంకా పెద్దది: పన్ను, దానం, శిక్ష, పూజ అన్నీ కలిసిపోతాయి.

అయితే ఆ భావమే లేదనడం నాకు సమ్మతం కాదు. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగాదా వస్తే బుక్కరాయలు తీర్చాడు. శ్రావణబెళగొళ కన్నడ శాసనం వారి మార్గాలను జైన దర్శనం, వైష్ణవ దర్శనం అంటూ, రెంటికీ భేదం లేదంటుంది. జైనులకు పూర్వమర్యాద ప్రకారం పంచమహావాద్యాలు, కలశం చెల్లుతాయంటుంది. పేరున్న రెండు సమూహాలు, వాటి ఆచార హక్కులు, పైన తీర్పరి రాజు: పోల్చదగిన భావం ఇంత స్పష్టంగా ఉంది.

సిద్ధాంత చర్చ రాస్తుంటే ‘మతం’ వాడండి. విధుల గురించైతే ‘ధర్మం’. సమూహాల తగాదా అయితే శాసనంలో ఉన్న ‘దర్శనం’ మాటనే ఉంచి, పక్కన ఒక్క వాక్యం వివరణ ఇవ్వండి.