అలుగు కింద సాదా నేలా, దిమ్మెల బేసినా: గెడ్డకు ఏది మేలు?

విశాఖ చుట్టుపక్కల గెడ్డ మీద అలుగు కట్టాలంటే అందరూ ముందు గోడ ఎత్తు గురించే మాట్లాడతారు. నన్నడిగితే గోడ నిలిచేదీ లేనిదీ దాని కింద నేల తేలుస్తుంది. అలుగు దూకిన నీరు దిగువన ఇసుకను తవ్వుకుంటూ పోతే చివరికి పునాది బయటపడుతుంది. అందుకే కాంక్రీట్ నేల మీదే హైడ్రాలిక్ జంప్ వచ్చేలా చేస్తాం. పలుచగా, వేగంగా వచ్చిన నీరు ఒక్కసారిగా ఉబ్బి, నురగలు కక్కుతూ సుళ్లు తిరిగి, ఆపైన లోతుగా, నెమ్మదిగా సాగుతుంది. ఆ నేలే స్టిల్లింగ్ బేసిన్. దాన్ని చివర చిన్న గట్టుతో పొడవుగా, సాదాగా పోయాలా, లేక మధ్యలో కాంక్రీట్ దిమ్మెలు పెట్టి పొట్టిగా ముగించాలా?

ఒక లెక్క చూద్దాం. అలుగు ఒక్కో మీటరు వెడల్పుకు సెకనుకు 4 ఘనపు మీటర్ల నీరు వస్తోందనుకుందాం. నేలను తాకేచోట వేగం V సెకనుకు 10 మీటర్లు, లోతు y1 0.4 మీటర్లు, g అంటే గురుత్వ త్వరణం. లోతుతో పోలిస్తే నీరు ఎంత వేగంగా ఉందో చెప్పే ఫ్రూడ్ సంఖ్య F = V/√(g·y1) ప్రకారం సుమారు 5. జంప్ తర్వాత ఉండాల్సిన లోతు y2:

y2 = (y1/2)·(√(1 + 8F²) − 1) ≈ 2.66 మీ.

వచ్చిన శక్తిలో దాదాపు సగం ఆ సుళ్లలోనే ఖర్చయిపోతుంది. సాదా నేల మీద ఈ జంప్ పొడవు y2కి ఆరు రెట్లు, అంటే 16 మీటర్లు. అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ వాళ్ల టైప్ 3 పద్ధతిలో వాలు చివర చిన్న దిమ్మెలు, నేల మధ్యలో పెద్ద బ్యాఫిల్ దిమ్మెలు, చివర గట్టు పెడితే 6 మీటర్ల పైచిలుకుతో సరిపోతుంది. కాంక్రీట్ ఇంత తగ్గితే మనసు అటే లాగుతుంది.

దిమ్మెల వల్ల ఇంకో లాభం ఉంది. మన గెడ్డలో దిగువ నీటి లోతు, అంటే టెయిల్ వాటర్, 2.66కు బదులు 2.3 మీటర్లే ఉందనుకోండి. సాదా నేల మీద జంప్ నిలవదు, కిందికి కొట్టుకుపోతుంది. అది కంటికే తెలుస్తుంది: నురగ వాలు చివర ఉండదు, నేలంతా గాజులాంటి నీటి పొర పరుగెత్తి, గట్టు దాటాక మట్టిలో సుడి తిరుగుతుంది. దిమ్మెలుంటే ఆ 2.3తోనూ జంప్ పట్టుకుని నిలబడవచ్చు. కానీ ఆ వెసులుబాటును నమ్ముకుని డిజైన్ చేయకూడదు. దిగువన ఇసుక తవ్వేస్తే గెడ్డ అడుగు దిగిపోయి, టెయిల్ వాటర్ ఇంకా తగ్గుతుంది.

సాదా నేలకు దీనికి మందు నేలను కిందికి దించడం. అర మీటరు దించితే నీరు మరికాస్త ఎత్తు నుంచి దూకుతుంది కాబట్టి కావాల్సిన లోతు 2.74కి పెరుగుతుంది. నేల మీద దొరికే లోతు మాత్రం 2.8 అవుతుంది, సరిపోయింది. ఇదే లెక్కను పెద్ద వరదకొక్కదానికే కాదు, చిన్న, మధ్యస్థ ప్రవాహాలకూ వేసి చూడాలి. జంప్ తప్పేది అక్కడ కూడా కావచ్చు.

ఇక పొట్టి నేల అసలు ఖరీదు. గోడ కింద ఇసుకలోంచి ఊరే నీరు నేల పొడవునా ప్రయాణించే కొద్దీ ఒత్తిడి కోల్పోతుంది. పది మీటర్ల నేల తగ్గిస్తే ఆ దారీ పది మీటర్లు తగ్గి, చివర ఇసుక ఉబికి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ ఊట దారికి అడ్డుగా భూమిలోకి దించే లోతైన కటాఫ్ గోడ కట్టాల్సి వస్తుంది, మిగిలిందనుకున్న డబ్బులో కొంత అక్కడే పోతుంది. జంప్ మొదలయ్యేచోట నీటి పొర పలుచగా ఉండి పైనుంచి బరువు చాలదు కాబట్టి, కింది నీటి ఒత్తిడికి నేల పలక లేచిపోకుండా ఆ భాగం మందంగా పోయాలి. ఇది రెండింటికీ వర్తిస్తుంది.

నా ఓటు నీటితోపాటు ఏం వస్తుందన్న దాన్ని బట్టి. పెద్ద జలాశయం స్పిల్‌వే అయితే రాళ్లు, ఇసుక చాలావరకు ఎగువనే ఆగిపోతాయి. అక్కడ దిమ్మెలే మేలు, నేలను తాకే వేగం సెకనుకు 15 మీటర్లు దాటనంత వరకు. దాటితే దిమ్మెల వెనక ఆవిరి బుడగలు పుట్టి పగిలి కాంక్రీటును కొరికేస్తాయి. కొండల మీంచి నేరుగా దిగే గెడ్డకైతే సాదా పొడవు నేలే వేస్తాను. వానాకాలంలో రాళ్లు, కొమ్మలు, ఊరి ప్లాస్టిక్ అన్నీ అందులోనే వస్తాయి. చెత్త దిమ్మెల మధ్య ఇరుక్కుంటే నీరు ఒక పక్కకే తోసుకుపోతుంది, చిక్కిన రాళ్లు అక్కడే దొర్లుతూ కాంక్రీటును అరగదీస్తాయి. వరదకు వరదకు మధ్య ఎవరో దిగి శుభ్రం చేస్తారన్న నమ్మకం నాకు లేదు.

F విలువ 2.5, 4.5 మధ్య వస్తే టైప్ 3 దిమ్మెల ఊసే వద్దు. అక్కడ జంప్ ఊగిసలాడి, అలలు చాలా దూరం పోయి గట్లను కోస్తాయి. తక్కువ ఎత్తు అలుగులు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి కాబట్టి ముందు F లెక్కకట్టాకే మిగతా మాట. గెడ్డ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా అయితే టెయిల్ వాటర్‌ను పోటు మీదున్నప్పుడు కొలిచి మోసపోవద్దు; పాటు సమయంలో ఉండే మట్టంతోనే నేల ఎత్తు నిర్ణయించాలి.